‘త్వరలో’ అంటే ఎన్ని గంటలకు?

“సాంకేతిక కారణాల వల్ల మీ ప్రాంతంలో విద్యుత్ సరఫరాకు అంతరాయం ఏర్పడింది. ఇతర ఏజెన్సీ తవ్వకాల్లో మా భూగర్భ కేబుల్ దెబ్బతినడమే ఇందుకు కారణం. మా సిబ్బంది యుద్ధప్రాతిపదికన పనిచేస్తున్నారు. త్వరలో సరఫరా పునరుద్ధరిస్తాం. అసౌకర్యానికి చింతిస్తున్నాం. వినియోగదారులు సహకరించగలరు.”

ఇది ఏ ఒక్క సంస్థ ప్రకటనా కాదు. కరెంటు పోయినప్పుడు మన ఫోన్లకు, వాట్సాప్ గ్రూపులకు వచ్చే సందేశాల్లోని వాక్యాలనే ఏరి కూర్చిన నమూనా. ఆరు వాక్యాలున్నాయి. అన్నీ చదివాక కొత్తగా తెలిసేది ఒక్కటే, తప్పు తమది కాదని సంస్థ చెప్పుకొంటోందని. కరెంటు లేదన్న సంగతి చదివేవాళ్లకు ముందే తెలుసు. ఎప్పుడు పోయింది, ఎంత మేర పోయింది, ఎప్పుడొస్తుంది అన్న మూడు ప్రశ్నలకు ఇందులో జవాబు లేదు.

ఆ జవాబు మీద ఒక్కొక్కరి నిర్ణయం ఒక్కో రకంగా ఆధారపడి ఉంటుంది. గంటలో కరెంటు వచ్చేట్టయితే అపార్ట్‌మెంటు వాచ్‌మన్ మోటారు సంగతి పట్టించుకోనక్కర్లేదు. మూడు గంటలైతే ట్యాంకు ఖాళీ కాకముందే జనరేటరు మీద నీళ్లు ఎక్కించాలి, డీజిలుకు మనిషిని పంపాలి. పాల ప్యాకెట్లు, ఐస్‌క్రీములు అమ్మే కొట్టాయన ఫ్రీజరు మూత తెరవకుండా కొన్ని గంటలు నెట్టుకురాగలడు. రాత్రంతా రాదంటే సరుకు వేరేచోటికి తరలించుకోవాలి. ఇంట్లో ఆక్సిజన్ కాన్‌సన్‌ట్రేటర్ మీద ఉన్న పెద్దాయన సంగతి మరీ కష్టం. ఆయన కొడుకు సిలిండరు తెప్పించాలో, నేరుగా ఆసుపత్రికే తీసుకుపోవాలో ఇన్వర్టరు పనిచేస్తున్న కాస్త వ్యవధిలోనే తేల్చుకోవాలి. వీళ్లలో ఎవరికీ ‘త్వరలో’ పనికిరాదు, ‘చింతిస్తున్నాం’ అంతకన్నా పనికిరాదు.

చట్టం ఈ విషయంలో మెత్తగా ఏమీ లేదు. కేంద్రం 2020 డిసెంబరు 31న నోటిఫై చేసిన విద్యుత్ వినియోగదారుల హక్కుల నిబంధనల ప్రకారం అనుకోకుండా సరఫరా ఆగితే డిస్కం వెంటనే ఎస్సెమ్మెస్ ద్వారానో, మరో ఎలక్ట్రానిక్ పద్ధతిలోనో వినియోగదారుకు చెప్పాలి. దాంతోపాటు సరఫరా తిరిగి వచ్చే అంచనా సమయం కూడా చెప్పాలి. అంటే సమయం చెప్పడం మర్యాద కోసం చేసే పని కాదు, విధి. అయినా సందేశాల్లో గడియారం కనిపించదు. ఎందుకని డిస్కం వాళ్లను అడిగితే వచ్చే జవాబు సాధారణంగా ఒకటే: “లోపం ఎక్కడుందో తెలియకుండా టైమెలా చెబుతాం సార్?”

న్యాయమైన ప్రశ్నే. జవాబు మాత్రం కాల్‌సెంటర్లో దొరకదు, రోడ్డు మీద దొరుకుతుంది. ఒక ఉదాహరణ కల్పించుకుని, ఏ నిమిషానికి ఎవరికి ఎంత తెలుస్తుందో చూద్దాం.

జూలై నెల, హైదరాబాద్ లాంటి నగరం. 33/11 కేవీ సబ్‌స్టేషన్ నుంచి బయల్దేరే ఒక 11 కేవీ ఫీడరు మీద 1,800 ఇళ్లు, కొట్లు ఉన్నాయనుకుందాం. సాయంత్రం 6:40కి ఆ ఫీడరు బ్రేకరు ట్రిప్పయింది. ప్యానెల్ మీద ఎర్త్ ఫాల్ట్ రిలే పడింది. ఆ క్షణానికే సబ్‌స్టేషన్ ఆపరేటరుకు నాలుగు సంగతులు తెలుసు: ఎప్పుడు పోయింది, ఏ ఫీడరు పోయింది, దాని కింద ఏ కాలనీలున్నాయి, ఇది ఏదో ఒక ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫ్యూజు పోయిన వ్యవహారం కాదు. మొదటి సందేశానికి కావలసిన సరుకంతా ఇదే. కానీ ఇది లాగ్‌బుక్‌లోకి ఎక్కి అక్కడే ఆగిపోతుంది.

స్తంభాల మీది ఓవర్‌హెడ్ లైనైతే ఒకసారి బ్రేకరు వేసి చూస్తారు. కొమ్మ తగిలి పక్కకు పోయి ఉంటే లైను నిలబడుతుంది, కథ ఐదు నిమిషాల్లో ముగుస్తుంది. భూగర్భ కేబుల్లో అలాంటి అదృష్టం అరుదు. ఇన్సులేషన్ ఒకసారి చీలిందంటే దానంతటది అతుక్కోదు. మళ్లీ మళ్లీ చార్జి చేస్తే ఆ లోపం గుండా వేల ఆంపియర్లు పారి, దారిలో ఉన్న మంచి జాయింట్లను కూడా దెబ్బతీస్తాయి. “ఒక్కసారి వేసి చూడండయ్యా” అని కాలనీ పెద్దలు ఫోన్ల మీద ఫోన్లు చేస్తుంటారు గానీ, వినకపోవడమే వాళ్లకు మేలు.

ఏడు గంటలకు సిబ్బంది రోడ్డెక్కుతారు. ఫీడరు పొడవునా రోడ్డు పక్కన పెట్టెల్లో రింగ్ మెయిన్ యూనిట్లుంటాయి. వాళ్లు ఆర్ఎంయూ అంటారు. వాటిలోని స్విచ్చులతో కేబుల్‌ను ముక్కలుగా విడదీయవచ్చు. ఒక్కో ముక్కనూ విడదీసి మెగ్గర్‌తో ఇన్సులేషన్ చూస్తూ పోతారు. కొన్ని యూనిట్లకు ఫాల్ట్ ఇండికేటరు ఉంటుంది. ఫాల్ట్ కరెంటు తన గుండా పోయిందో లేదో అది చూపిస్తుంది కాబట్టి పని త్వరగా తెములుతుంది. ట్రాఫిక్ కలుపుకొని ఒక్కో పెట్టె దగ్గర పది, పదిహేను నిమిషాలు. మన ఉదాహరణలో 7:40కి తేలింది: లోపం మూడో యూనిట్‌కూ నాలుగో యూనిట్‌కూ మధ్యనుంది.

అసలు విషయం ఇక్కడుంది. మూడో యూనిట్ దాకా ఉన్న వెయ్యి కనెక్షన్లకు 7:50కే కరెంటు ఇవ్వచ్చు, ఎందుకంటే వాళ్ల కేబుల్ ముక్కలో ఏ లోపమూ లేదు. నాలుగో యూనిట్ అవతల ఉన్న 800 కనెక్షన్లకు పక్క ఫీడరు నుంచి వెనక్కి తిప్పి ఇవ్వాలి. దీన్ని బ్యాక్ ఫీడింగ్ అంటారు. కానీ రాత్రి ఎనిమిదింటికి ఆ పక్క ఫీడరు కూడా ఏసీల లోడుతో నిండి ఉంటుంది. మొత్తం 800 దాని మీద వేస్తే అదీ ట్రిప్పవుతుంది. కాబట్టి 8:30కల్లా 500 వేసి, మిగిలిన 300ను లోడు తగ్గే దాకా, పదిన్నర, పదకొండు దాకా ఆపుతారు.

ఈలోగా కేబుల్ వింగ్ వాళ్ల పని విడిగా సాగుతుంది. ఫాల్ట్ లొకేషన్ వ్యాను వచ్చి, కేబుల్లోకి పల్స్ పంపి అది తిరిగొచ్చే కాలాన్ని బట్టి లోపం ఎన్ని మీటర్ల దూరంలో ఉందో అంచనా కడుతుంది. తర్వాత అధిక వోల్టేజి దెబ్బలు కొడుతుంటే నేల మీద చెవి పెట్టినట్టుగా పరికరంతో ఆ ‘ధబ్’ శబ్దాన్ని పట్టి చోటు ఖాయం చేస్తారు. ఆపైన తవ్వడం, దెబ్బతిన్న ముక్క కోసేయడం, మూడు కోర్లకూ పొర తర్వాత పొర వేస్తూ జాయింటు కట్టడం, పరీక్షించి చార్జి చేయడం. ఒక్క జాయింటుకే నాలుగైదు గంటలు పడుతుంది. తడి తగిలిన జాయింటు నెల తిరక్కుండా మళ్లీ పేలుతుంది కాబట్టి వాన వస్తే టెంటు వేయాలి, లేదా ఆగాలి. అంతా కలిసొస్తే తెల్లవారుజామున నాలుగు.

ఇప్పుడు “ఎప్పుడొస్తుంది?” అన్న ప్రశ్నకు నాలుగు సరైన జవాబులున్నాయి. వెయ్యి కనెక్షన్లకు 7:50, ఐదు వందలకు 8:30, మూడు వందలకు 11, కేబుల్‌కు తెల్లవారుజామున 4. వినియోగదారుకు మొదటి మూడింటితోనే పని. కేబుల్ ఎప్పుడు బాగుపడుతుందన్నది సంస్థ సొంత విషయం. ఆఫీసుల్లో తరచూ జరిగే పొరపాటు ఈ రెండింటినీ కలిపేయడం. “మరమ్మతులు పూర్తయ్యేసరికి తెల్లవారుతుంది” అని అందరికీ సందేశం పంపుతారు. అది చేరేసరికి వెయ్యి కనెక్షన్ల వాళ్లు వెలుతురులో కూర్చుని నవ్వుకుంటారు. మరికొందరు అనవసరంగా హోటల్ గది తీసుకుంటారు. దీనికి తలకిందులుగా చేయడం ఇంకా అన్యాయం. 8:30కి “సరఫరా పునరుద్ధరించాం” అని ప్రకటిస్తే చీకట్లో ఉన్న 300 కనెక్షన్ల వాళ్లు అది చదివి, లోపం తమ ఇంట్లోనే ఉందనుకుని ఎలక్ట్రీషియన్‌ను పిలుస్తారు.

లోపం ఎక్కడుందో తెలియకుండా సమయం ఎలా చెప్పాలన్న ప్రశ్నకు ఇక జవాబు చెప్పొచ్చు. కరెంటు వచ్చే సమయం తెలియనప్పుడు, ఆ సమయం ఎప్పటికి తెలుస్తుందో చెప్పాలి. అది మాత్రం ఫీల్డులో తిరిగే ప్రతి ఏఈకీ తెలుసు. ఆర్ఎంయూలు ఎన్నో, ఒక్కోదానికి ఎంతసేపో ఆయనకు కంఠతా వచ్చు. కాబట్టి మొదట చూసిన ఆరు వాక్యాల ప్రకటనను తిరగరాస్తే 6:55కి వెళ్లాల్సిన సందేశం ఇలా ఉంటుంది:

“సాయంత్రం 6:40 నుంచి మీ ఫీడర్‌లో కరెంటు లేదు. పార్కు వీధి, బ్యాంకు కాలనీ, చెరువు కట్ట రోడ్డు ఈ ఫీడర్‌లోవే. మా 11 కేవీ భూగర్భ కేబుల్‌లో లోపం వచ్చింది. ఎక్కడన్నది వెతుకుతున్నాం. కరెంటు వచ్చే వేళ రాత్రి 7:45కి చెబుతాం.”

యుద్ధం లేదు, చింత లేదు, సహకారం అడగడం లేదు. 7:45 అన్నది మాత్రం మాట. ఏమీ తేలకపోయినా ఆ వేళకు సందేశం వెళ్లి తీరాలి, “ఇంకా తేలలేదు, మళ్లీ 8:15కి చెబుతాం” అనైనా సరే. ఎందుకంటే అంతకుముందు చెప్పిన వేళ దాటిపోయి ఫోను మోగకపోతే ఆ తర్వాత పంపే ఏ సమయాన్నీ ఎవరూ నమ్మరు.

రెండో సందేశం ఇళ్లను బట్టి విడిపోవాలి. వెలుతురొచ్చిన వెయ్యి మందికి ఒకటి, 8:30 దాకా ఆగాల్సిన ఐదు వందల మందికి ఒకటి, చెరువు కట్ట రోడ్డు వైపున్న మూడు వందల మందికి మరొకటి. ఆ చివరిది ఇలా:

“చెరువు కట్ట రోడ్డు వైపు ఇళ్లకు రాత్రి 11 లోపు కరెంటు వస్తుంది. పక్క ఫీడరు నుంచి ఇవ్వాలి, ఇప్పుడు దాని మీద లోడు ఎక్కువగా ఉంది. ఆక్సిజన్ యంత్రాలపై ఉన్న రోగులుంటే 11 దాకా ఆగకుండా ఇప్పుడే వేరే ఏర్పాటు చేసుకోండి. కేబుల్ కోసం తవ్విన గుంత దగ్గరికి వెళ్లవద్దు. మళ్లీ 10 గంటలకు చెబుతాం.”

ఈ 11 అన్న అంకె ఎలా ఎంచారన్నది గమనించదగ్గది. ఏఈ మనసులో ఉన్నది పదిన్నర కావచ్చు. మనసులో ఉన్న అంకె చెప్పేస్తే, అది మామూలు పరిస్థితికి లెక్కగట్టిన అంకె కాబట్టి, సుమారు సగం సార్లు తప్పుతుంది. పదిన్నర అని చెప్పి పదకొండుకు ఇస్తే మాట తప్పినట్టు. పదకొండు అని పదిన్నరకు ఇస్తే ఎవరూ అడగరు. అలాగని భద్రం కోసం ‘తెల్లవారుజాము నాలుగు’ అనడం కూడా మోసమే. దాన్ని నమ్మి పేషెంటును అంబులెన్సులో ఎక్కించిన కుటుంబానికి తొమ్మిదిన్నరకే కరెంటు వస్తే అందులో సంతోషించడానికి ఏమీ ఉండదు. పదిసార్లలో ఎనిమిది, తొమ్మిదిసార్లు నిలబడే అంకె కావాలి. అది ఫీల్డులో అనుభవం ఉన్నవాళ్లే చెప్పగలరు, కాల్‌సెంటరు కుర్రాడు చెప్పలేడు.

మాట తప్పినప్పుడు ఏం రాయాలన్నది అసలైన పరీక్ష. చాలా సంస్థల సమాచార వ్యవస్థలు పాత సమయాన్ని నిశ్శబ్దంగా చెరిపి కొత్తది పెడతాయి. 11 దాటగానే 12:30 అవుతుంది, అది దాటితే 2. వినియోగదారు దగ్గర మాత్రం పాత సందేశం ఫోన్లో అలాగే ఉంటుంది. “11 గంటలకు వస్తుందని చెప్పాం, ఇవ్వలేకపోయాం. పక్క ఫీడరు మీద వేయగానే అది కూడా ట్రిప్పయింది. ఇప్పుడు 12:30 అనుకుంటున్నాం” అని రాయడానికి ఖర్చేమీ కాదు. చదివినవాళ్లు తిట్టుకుంటారు, అయినా 12:30ను నమ్ముతారు.

చివరి సందేశంలో ఒక వాక్యం ఎప్పుడూ మరిచిపోతుంటారు. ఫీడరు చార్జయ్యాక కూడా కొన్ని ఇళ్లలో వెలుతురు రాదు. మొదటి కుదుపులోనే ఎక్కడో ట్రాన్స్‌ఫార్మర్ ఫ్యూజు పోయి ఉంటుంది, పెద్ద లోపం చాటున అది ఎవరికీ కనిపించదు. కంట్రోల్ రూము తెర మీద ఆ ఇల్లు వెలుగుతున్నట్టే ఉంటుంది. అందుకే “10:50కి మీ ఫీడరుకు కరెంటు ఇచ్చాం. మీ ఇంట్లో ఇంకా రాకపోతే 1912కు చెప్పండి, అది వేరే లోపం” అని రాయాలి. ఈ ఒక్క వాక్యం లేకపోవడం వల్ల రాత్రంతా చీకట్లో కూర్చునే ఇళ్లు ప్రతి పెద్ద అంతరాయంలోనూ కొన్ని మిగులుతాయి.

ఇక నింద సంగతి. నమూనా ప్రకటనలో రెండో వాక్యం, ‘ఇతర ఏజెన్సీ తవ్వకాల్లో’ అన్నది, తిరగరాసిన సందేశంలో లేదు. మర్యాద కోసం తీసేయలేదు. సాయంత్రం 6:55కి అది ఎవరికీ తెలియదు కాబట్టి తీసేశాం. లోపం ఏ గజంలో ఉందో కూడా తేలనప్పుడు దాన్ని జేసీబీయే కొట్టిందని ఎలా తెలిసింది? రోడ్డు మీద ఒక గుంత కనిపించి ఉంటుంది, అంతే.

తవ్వి చూశాక కూడా కథ అంత సూటిగా ఉండదు. భారతీయ ప్రమాణం ఐఎస్ 1255 ప్రకారం 11 కేవీ కేబుల్‌ను కనీసం 0.9 మీటరు లోతున వేయాలి. చుట్టూ ఇసుక పోసి, పైన ఇటుకలో పలకలో పరవాలి. తవ్వేవాడికి కేబుల్ కన్నా ముందు అవి తగలాలన్నది ఉద్దేశం. మన నగరాల్లో రోడ్డు ఎన్నిసార్లు ఎత్తు మారిందో, ఎన్నిచోట్ల కేబుల్ అడుగున్నర లోతులోనే ఉందో తవ్వేవాళ్లందరికీ తెలుసు. ఆ లోతున దెబ్బ తగిలితే తప్పు జేసీబీ ఆపరేటరుదొక్కడిదే అనగలమా? ఇంకో చిక్కు ఉంది. దెబ్బ తగిలిన రోజే కేబుల్ పోవాలని లేదు. పై తొడుగు చిన్నగా చిట్లి, వేసవంతా నిలబడి, మొదటి వానలకు నీరు లోపలికి చేరాక పేలుతుంది. అప్పటికి తవ్వినవాళ్లు ఎప్పుడో వెళ్లిపోయి ఉంటారు. పక్కనే ఇవాళ తవ్వుతున్నవాళ్లు దొరికిపోతారు.

కారణం తేలకముందే వేలు బయటికి చూపించే ఈ తప్పు పెద్ద పెద్ద సంస్థలే చేశాయి. ఆస్ట్రేలియాలో ఆప్టస్ టెలికాం నెట్‌వర్క్ 2023 నవంబరు 8న తెల్లవారుజామున కుప్పకూలింది. కోటి మంది వినియోగదారుల ఫోన్లు, ఇంటర్నెట్టు దాదాపు ఆ రోజంతా పనిచేయలేదు. రెండు వేలమందికి పైగా అత్యవసర నంబరు 000కు ఫోన్ చేసి అందుకోలేకపోయారు. ఐదు రోజుల తర్వాత సంస్థ కారణం చెప్పింది: ఒక అంతర్జాతీయ నెట్‌వర్క్‌లో సాఫ్ట్‌వేర్ అప్‌గ్రేడ్ జరిగాక అక్కడి నుంచి వచ్చిన రూటింగ్ మార్పులు తమ వ్యవస్థను ముంచెత్తాయని. ఆ నెట్‌వర్క్ మరెవరిదో కాదు, మాతృసంస్థ సింగ్‌టెల్‌ది. అప్‌గ్రేడ్ మూలకారణం కాదని సింగ్‌టెల్ బహిరంగంగా ఖండించింది. చివరికి తేలింది ఏమంటే, బయటి నుంచి మార్పులు వచ్చిన మాట నిజమే గానీ, అవి పరిమితి దాటగానే తమంతట తాము విడిపోయేలా ఉన్నవి ఆప్టస్ సొంత రూటర్లు, దాదాపు 90. ఆ పరిమితి తయారీదారు పెట్టిన డిఫాల్టు, దాన్ని అలాగే ఉంచుకున్నది ఆప్టస్. నవంబరు 20న సీఈఓ రాజీనామా చేశారు. నెట్‌వర్క్ పోయినందుకు ఎంత కోపం వచ్చిందో, వేలు బయటికి చూపించినందుకు అంత పరువూ పోయింది. ఆ తర్వాత అక్కడి నియంత్రణ సంస్థ, పెద్ద అంతరాయాల్లో టెలికాం సంస్థలు వినియోగదారులకు ఏమేం చెప్పి తీరాలో నిర్దేశిస్తూ ఒక ప్రమాణాన్నే తెచ్చింది. అది 2024 చివర అమల్లోకొచ్చింది.

కారణం అసలు చెప్పొద్దని కాదు. కారణం వినియోగదారు చేసే పనిని మార్చేట్టయితే చెప్పాలి. ‘భూగర్భ కేబుల్‌లో లోపం’ అంటే ఐదు నిమిషాల వ్యవహారం కాదని అతనికి అర్థమవుతుంది, అందుకే మన సందేశంలో అది ఉంది. ‘తవ్విన గుంత దగ్గరికి వెళ్లవద్దు’ అన్నది ప్రాణాలకు సంబంధించింది, అందుకే ఉంది. ‘మా కేబుల్’ అన్నాం కానీ ‘కేబుల్ దెబ్బతిన్నది’ అని గాల్లో వదిలేయలేదు. వినియోగదారు బిల్లు కడుతున్నది డిస్కంకే గానీ రోడ్డు తవ్విన గుత్తేదారుకు కాదు. ఎవరు తవ్వారు, అనుమతి ఉందా, తవ్వేముందు సమాచారం ఇచ్చారా అన్నవి తర్వాతి నివేదికలో, నష్టపరిహారం నోటీసులో, అవసరమైతే పోలీసు ఫిర్యాదులో ఉండాల్సినవి. తవ్వేముందు కేబుళ్ల యజమానులకు చెప్పడానికే కేంద్రం 2023 మార్చిలో ‘కాల్ బిఫోర్ యూ డిగ్’ యాప్ తెచ్చింది. అందులో సమాచారం నమోదైందా లేదా అన్నది మర్నాడు ఆఫీసులో తేల్చుకోవచ్చు. చీకట్లో కూర్చున్నవాడికి ఆ రాత్రి దాంతో పని లేదు.

ఇంత స్పష్టంగా రాయడం కష్టమైన పనేమీ కాదు. మరి ఎందుకు రాయరు? నాకు కనిపించే కారణాలు రెండు, రెండూ భాషకు సంబంధించినవి కావు.

ఒకటి ఎస్సెమ్మెస్ తయారయ్యే తీరు. ట్రాయ్ నిబంధనల ప్రకారం సంస్థలు పంపే సందేశాల మూసను ముందే నమోదు చేసుకోవాలి. మారే చోట్ల గడులు ఉంచుతారు, ఒక్కో గడిలో పట్టే అక్షరాలకు పరిమితి ఉంటుంది. మూసలో లేని వాక్యం ఆ రాత్రి ఎవరు రాసినా వెళ్లదు. అంటే అంతరాయం నాటి సందేశాన్ని నిజానికి రాసేది ఏడాది కిందట మూస నమోదు చేసిన గుమాస్తా. ఆయన ‘సాంకేతిక కారణాల వల్ల’ అని అన్నిటికీ సరిపోయేట్టు ఒకటే రాసి పెట్టాడు. పైగా తెలుగులో రాస్తే ఒక ఎస్సెమ్మెస్ ముక్కలో పట్టేది 70 అక్షరాలే, కలిపి పంపితే ముక్కకు 67. గుణింతాలు, ఒత్తులు కూడా విడివిడిగా లెక్కకొస్తాయి. పైన 6:55కి రాసిన సందేశం సుమారు 215 అక్షరాలు, అంటే నాలుగు ముక్కల ఖర్చు. వీధుల పేర్లు ఒక గడిలో పట్టవు, రెండు గడులుంచుకోవాలి. ఇవన్నీ ఒక మధ్యాహ్నం కూర్చుని తేల్చే పనులే. మొదటి సమాచారం, ఇళ్లను బట్టి సమయం, మాట తప్పినప్పుడు, కరెంటు ఇచ్చాక అని నాలుగు మూసలు ముందే నమోదై ఉంటే ఆ రాత్రి గడులు నింపడమే మిగులుతుంది. మరో చిన్న విషయం, డిస్కం దగ్గరున్న ఫోన్ నంబరు చాలా ఇళ్లకు యజమానిది. అద్దెకున్నవాడు చీకట్లో ఉంటే, సందేశం వేరే ఊళ్లో ఉన్న ఓనరుకు వెళ్తుంది. దీన్ని సరిచేయకుండా ఎంత బాగా రాసినా సగం వృథా.

రెండో కారణం భయం. సమయం రాస్తే అది రికార్డు. రాష్ట్ర విద్యుత్ నియంత్రణ కమిషన్లు ప్రతి రకం లోపానికీ గడువు పెట్టాయి. ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతే పట్టణాల్లో 24 గంటలు, పల్లెల్లో 48 గంటల్లోగా సరిచేయాలన్నది తెలుగునాట ఏళ్లుగా ఉన్న ప్రమాణం. గడువు దాటితే వినియోగదారుకు పరిహారం ఉంది. దూరం నుంచి కొలవగలిగిన ప్రమాణాల విషయంలో ఆ పరిహారం అడగకుండానే చెల్లించాలని 2020 నిబంధనలు చెబుతున్నాయి. కరెంటు 6:40కి పోయిందని సంస్థే సందేశంలో రాసిస్తే గడియారం అక్కడి నుంచే మొదలవుతుంది. రాయకపోతే ఎవరో ఒకరు 1912కు ఫోన్ చేసిన వేళ నుంచి అని వాదించుకోవచ్చు. ‘ఇతర ఏజెన్సీ’ అన్న మాటకు కూడా ఇక్కడే విలువ, మినహాయింపు అడగడానికి అది ముందుగా వేసి ఉంచిన పునాది. వినియోగదారుకు రాసినట్టున్న ఆ రెండో వాక్యం నిజానికి రాసింది కమిషన్‌ను ఉద్దేశించి.

ఈ భయం మాటలతో పోదు. లెక్క మారితే పోతుంది. ఫీడరు ఎన్ని నిమిషాలు ఆగిందో డిస్కంలు ఇప్పటికే కమిషన్లకు లెక్క చూపుతున్నాయి. ఆ పట్టికలోనే మరో రెండు గడులు పెట్టమని కమిషన్ అడగాలి: కరెంటు వస్తుందని వినియోగదారుకు మొదట చెప్పిన సమయం, నిజంగా కరెంటు వచ్చిన సమయం. సబ్‌స్టేషన్ మీటరులో ఒకటుంది, ఎస్సెమ్మెస్ గేట్‌వేలో మరొకటుంది. రెండూ తారుమారు చేయడానికి వీల్లేనివే. సమయం చెప్పి అరగంట తప్పిన ఏఈకి మెమో ఇచ్చి, అసలు సమయమే చెప్పనివాడిని వదిలేసే పద్ధతి ఉన్నంతకాలం ఏ ఏఈ అయినా ‘త్వరలో’ అనే రాస్తాడు. ఆ గడి ఖాళీగా ఉండటమే పెద్ద తప్పుగా లెక్కగడితే సాయంత్రం 6:55కి ఆయనే ఫోన్ తీసి కంట్రోల్ రూముకు ఒక అంకె చెబుతాడు.